అవ్వకు ఒంట్లో బాగాలేదని రాసిన మెయిలు

ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మొదటి అబద్ధం మా అవ్వ మీద. 2012 మార్చి 2, శుక్రవారం రాత్రి ఏడున్నరకు, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ మెయింటెనెన్సు ఆఫీసులో కూర్చుని, నిండు బిందెను చంకన పెట్టుకుని నడిచే మనిషిని ఇంగ్లీషులో మంచాన పడేశాను. జ్వరమని రాస్తే చాలదేమో అనిపించింది. ఆయాసం కూడా కలిపాను. అదీ చాలదేమోనని, ఆమె నన్నే కలవరిస్తోందని ఇంకో వాక్యం చేర్చాను.

అసలు సంగతి వేరు. మాది ఆత్మకూరు పక్కన పల్లె. అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఉగాది వస్తోందంటే కన్నడ దేశం నుంచి వేల మంది శ్రీశైలానికి నడిచిపోయే దారి అది. రాయచూరు నుంచి, బాగలకోట నుంచి, ఇంకా పైనుంచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళకు దేవత మాత్రమే కాదు, తమ ఇంటి ఆడపడుచు. పండక్కి పుట్టింటి చీర, పసుపు కుంకుమ తీసుకుపోతున్నట్టు పోతారు. కొందరు చెక్క మరగాళ్ళు కట్టుకుని ఆ ఎత్తు మీదే నడుస్తారు. వెంకటాపురం దాటితే ఇక నల్లమల. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఊళ్ళలో జరిగే సేవంతా ఆ అడవి మొదలయ్యేలోపే జరగాలి.

మా ఇంటి ముందు చింతచెట్టు కింద అవ్వ ఏటా ఒక పని పెట్టుకునేది. మజ్జిగ, జొన్నరొట్టెలు చాలామంది పెడతారు, ఆమె పాదాలు చూసుకునేది. పెద్ద అండాలో నీళ్ళు కాచి, రాతి ఉప్పు, పసుపు వేసి, వెడల్పాటి తొట్లలో పోస్తే, వచ్చినవాళ్ళు వరసగా కూర్చుని కాళ్ళు పెట్టేవారు. వాళ్ళకు తెలుగు రాదు, అవ్వకు కన్నడం రాదు. "అజ్జీ, బిసి నీరు" అన్న రెండు మాటలు చాలేవి. బొబ్బలెక్కిన అరికాలిని ఒళ్ళో పెట్టుకుని, ఆముదం రాసి, పాత చీర పేలికతో కట్టేది. ఎవరైనా మొహమాటపడి కాలు వెనక్కి లాక్కుంటే మోకాలి మీద ఒక్కటి తట్టేది.

ఆ అండా దించేది నేను. బడికి వెళ్ళే రోజుల్లో నాన్నతో కలిసి, తర్వాత ఒక్కడినే. ఫిబ్రవరి చివర్లో ఫోను చేసి అవ్వ అడిగింది ఒకటే మాట. "అండా ఎవరు దించుతారురా ఈసారి?"

దీన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలి? కన్నడ యాత్రికుల కాళ్ళ కోసం నీళ్ళు కాచాలి, అండా బరువు, కాబట్టి సెలవు ఇప్పించగలరు. రెండుసార్లు టైపు చేసి చూశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అందుకే అవ్వ మంచాన పడింది.

భయానికి ఇంకా కారణాలున్నాయి. నేను 2011 జూలై 4న చేరిన ట్రైనీ ఇంజనీరును. అది మార్చి నెల, అంటే ఆర్థిక సంవత్సరం చివర. లారీలు గేటు దాటి రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి, ఎన్ని టన్నులు పోయాయన్నదే పొద్దున్నా సాయంత్రం మాట. సీనియర్ ఒకాయన ముందే చెప్పాడు: "మార్చిలో ట్రైనీ సెలవు అడగడమంటే పెళ్ళి పందిట్లో పాత బాకీ అడిగినట్టే." ఇంకొకాయన, ట్రైనీలకు అసలు సెలవులే ఉండవు, జీతం కోత మీద పోవాల్సిందే అన్నాడు. రెండూ నమ్మాను. ఆ వయసులో, మనకంటే రెండేళ్ళ ముందు చేరినవాడు ఏం చెప్పినా నమ్ముతాం.

పైగా నా చేతిలో ఒక పని ఉంది. చిన్నదే కానీ రోజూ చేయాల్సింది. సిమెంటు కిల్ను అంటే నిమిషానికి మూడు నాలుగు చుట్లు తిరిగే పొడవైన ఉక్కు గొట్టం. లోపల మంట దగ్గర సరుకు 1450 డిగ్రీల వరకు కాగుతుంది, ఇటుకల పొర అడ్డం ఉన్నా బయటి రేకు దగ్గర నిలబడితే మొహం చుర్రుమంటుంది. మా కిల్ను మూడు చోట్ల భారీ ఉక్కు వలయాల మీద ఆనుకుని తిరిగేది. వాటిని టైర్లంటారు. బండి చక్రానికి కమ్మీ బిగించినట్టు వీటిని బిగించరు, కొంచెం వదులుగా ఉంచుతారు, వేడికి గొట్టం వ్యాకోచిస్తుంది కాబట్టి. ఆ వదులు వల్ల ప్రతి చుట్టుకూ టైరు గొట్టం కంటే కొద్దిగా వెనకబడుతుంది. ఎంత వెనకబడుతోందో కొలవడమే నా పని. పొడవాటి కడ్డీ చివర సుద్దముక్క కట్టి, టైరు పక్క నుంచి గొట్టం మీది దిమ్మ దాకా ఒకే గీత గీయాలి. పది చుట్లు తిరిగాక ఆ గీత రెండుగా విడిపోయి ఉంటుంది. మధ్య దూరాన్ని పదితో భాగిస్తే ఒక్క చుట్టుకు ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. మధ్య టైరుకు పన్నెండు అటూ ఇటూ వచ్చేది. దాన్ని 3.14తో భాగిస్తే నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, లోపల ఉన్న సందు అంతే.

ఆ అంకె రోజురోజుకీ తగ్గుతూ సున్నా వైపు పోతోందంటే భయపడాలి. గొట్టం ఉబ్బి టైరును పట్టేస్తోందన్నమాట. ఇక వ్యాకోచించడానికి చోటు ఉండదు, ఆ చోట రేకు నొక్కుకుపోతుంది, లోపలి ఇటుకలు నలిగిపోతాయి. మళ్ళీ కిల్ను చల్లారిస్తే తప్ప చూడలేం. అందుకే రోజూ పది గంటలకు, సుద్దగీత, నోటుపుస్తకం. ఆ పుస్తకంలో అప్పటికి ఎనిమిది నెలలుగా నా దస్తూరీ తప్ప ఇంకొకరిది లేదు. దాని గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచుకోను.

మెయిలు సంగతికి వస్తాను. మా ఇద్దరు ట్రైనీలకు కలిపి ఒకే కంప్యూటర్. అందరూ వెళ్ళేదాకా ఆగి తలుపు దగ్గరకు వేసి మొదలుపెట్టాను. సెలవు చీటీ అనగానే చేతికి వచ్చేది బడిలో నేర్చుకున్నదే కదా: జ్వరంతో బాధపడుతున్నందున తరగతికి రాలేకపోతున్నాను, దయతో రెండు రోజుల సెలవు ఇప్పించ ప్రార్థన, ఇట్లు తమ విధేయ విద్యార్థి. అందులో విద్యార్థి తీసేసి ట్రైనీ పెట్టాను. మార్చిలో అడుగుతున్నందుకు ఒక పేరా క్షమాపణ. నా వల్ల పనికి కలిగే అసౌకర్యానికి ఇంకో క్షమాపణ. తిరిగి వచ్చాక ఆదివారాలు కూడా పనిచేస్తానని ఎవరూ అడగని హామీ. 18వ తేదీ నుంచి 23 వరకు ఆరు రోజులు, జీతం కోతకు ఒప్పుకుంటున్నానని చివర్లో. మొత్తం ఇరవై ఏడు వరసలు.

ఎవరికి పంపాలో ఇంకో పెద్ద చిక్కు. మా మేనేజరు గారికి ఒక్కరికే పంపితే పై వాళ్ళకు చెప్పలేదంటారేమో, అందరికీ పంపితే ఆయనకు కోపం వస్తుందేమో. చివరికి ప్లాంటు పెద్దాయనకు, పర్సనల్ విభాగానికి కూడా నకళ్ళు పెట్టాను. బాణం గుర్తును పంపే బటన్ మీద పెట్టి లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. అప్పుడు నొక్కాను. నొక్కిన వెంటనే పంపినవాటిలోకి వెళ్ళి చదివితే, తేదీల పక్కన సంవత్సరం 2011 అని ఉంది.

ఆ రాత్రి మెస్సులో తిన్నదేమిటో గుర్తులేదు. మా మేనేజరు గారు మాటలు తక్కువ మనిషి. ఆకుపచ్చ సిరా కలం వాడేవారు. రిపోర్టులో అంకె తప్పుంటే పిలిచి తిట్టరు, దాని చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టి పంపిస్తారు. ఆ సున్నా చూస్తే తిట్టే నయమనిపిస్తుంది.

శనివారం ఎనిమిదింటికి కంప్యూటర్ తెరిస్తే జవాబు వచ్చి ఉంది. నేను ఊహించుకున్నవి రెండే: కుదరదు అన్న ఒక్క మాట, లేదా వచ్చి కలవమన్న ఒక్క మాట. రెండూ కాదు. నా ఇరవై ఏడు వరసలే తిరిగొచ్చాయి, కాని చాలావరకు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. ఆకుపచ్చ సిరా మెయిల్లోకి రాదు కాబట్టి కాబోలు, ఆయన వ్యాఖ్యలు ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి.

మొదటి క్షమాపణ కొట్టేశారు. రెండోదీ కొట్టేశారు. ఆదివారాలు పనిచేస్తానన్న హామీ పక్కన, దీన్ని ఇంకెక్కడా రాయవద్దు అని ఉంది. సంవత్సరం దగ్గర: "గడిచిపోయిన ఏడాదికి సెలవు అడిగావు, అది నా చేతిలో లేదు." అవ్వ ఆయాసం, కలవరింతల పేరా మొత్తానికీ ఒకే అడ్డగీత. పక్కన: "ఇది నాకు చెప్పాల్సిన పని లేదు. ఆమె త్వరగా కోలుకోవాలి." జీతం కోత అన్న మాట కింద: "ఎవరు చెప్పారు? టైం ఆఫీసుకు వెళ్ళి నీ ఖాతా చూసుకో. ఆరు రోజులన్న లెక్క కూడా అక్కడే సరిచేయించుకో."

అన్నిటికంటే కింద, నేను ఏమీ రాయని ఖాళీ చోట, రెండు ప్రశ్నలు. టైరు రీడింగులు ఎవరు తీస్తారు? తిరిగి ఏ రోజు, ఏ వేళకు పనిలో ఉంటావు? వీటికి జవాబుతో మళ్ళీ పంపు, నాకు ఒక్కడికే చాలు.

నా గర్వం ఎక్కడ తెగిందో అక్కడే అర్థమైంది. ఎనిమిది నెలలు రోజూ మోసిన పని, సెలవు అడిగేటప్పుడు ఒక్క వరసలోనైనా రాలేదు. అవ్వకు లేని ఆయాసం మాత్రం మూడు వరసల్లో వచ్చింది.

టైం ఆఫీసులో ఉండే అన్న నన్ను చూసి హాజరు పుస్తకం తీశాడు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, పాత గేటు పాసు వెనక లెక్క వేశాడు. అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 79వ సెక్షను ఆయనకు నోటికి వచ్చు. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, ప్రతి ఇరవై పనిదినాలకు ఒకటి చొప్పున తర్వాతి ఏడాదికి జీతంతో కూడిన సెలవు. "మీరు మధ్యలో చేరారు కాబట్టి 240 అక్కర్లేదు. చేరిన రోజు నుంచి డిసెంబరు 31 దాకా ఉన్న రోజుల్లో మూడింట రెండు వంతులు చాలు" అన్నాడు. జూలై 4 నుంచి లెక్కపెడితే 181 రోజులు, అందులో రెండు వంతులంటే 121. పుస్తకంలో నా పేరు మీద ఉన్నవి 148. ఇరవైతో భాగిస్తే ఏడు, పైన చిల్లర. చిల్లర సగమైనా ఉంటే ఒక రోజు కలిపేవారు, నాకు సగం లేదు, పోయింది. ఏడు.

ఏడు రోజులు నా పేరు మీద ఉన్నాయని రెండు నెలలుగా నాకే తెలియదు.

ఆ తర్వాత నా ఆరు రోజుల్ని వేళ్ళ మీద పెట్టుకున్నాడు. 18 ఆదివారం. ఒక వేలు ముడిచాడు. 23 శుక్రవారం ఉగాది, మా సెలవుల జాబితాలో ఉంది. ఇంకో వేలు ముడిచాడు. "సెలవుకు ముందు వచ్చినా, వెనక వచ్చినా, మధ్యలో వచ్చినా ఆ రోజులు లెక్కలోకి రావు. మీరు అడగాల్సింది నాలుగు. 19 నుంచి 22." ఏడులో నాలుగు పోతే మూడు మిగులు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి అన్నాడు: "ఇంకోటి, ఇది పదిహేను రోజుల ముందు అడగాలి. ఈ పూటే పంపండి. సోమవారం పంపితే లెక్క తప్పుతుంది, అప్పుడు మీ సారు మంచితనం మీద ఆధారపడాలి."

నేను నాలుగు రోజులుగా ధైర్యం కూడదీసుకుంటూ కూర్చున్నాను మరి. ఇంకో రెండు రోజులు కూడదీసుకుని ఉంటే ఏమయ్యేదో.

రీడింగుల సంగతి మిగిలింది. నా గదిలో ఉండే ఎలక్ట్రికల్ ట్రైనీ మిత్రుడి పేరు రాసేద్దామనుకున్నాను. ముందు అడగడం మంచిదని వెళ్ళి అడిగితే వాడు షిఫ్టు చార్టు తీశాడు. సోమ, మంగళ వారాలు పొద్దుటి షిఫ్టు, తీయగలడు. గురువారం కూడా సరే. బుధవారం మాత్రం ముందు రాత్రి షిఫ్టు నుంచి దిగి పడుకుంటాడు, పది గంటలకు కిల్ను దగ్గరకు రాలేడు. బతిమాలితే వచ్చేవాడే. రాత్రంతా మేలుకున్నవాణ్ణి, తిరిగే గొట్టం పక్కన కడ్డీ పట్టుకుని నిలబడమని అడగబుద్ధి కాలేదు. వాడికి సుద్దగీత ఎలా గీయాలో ఆ సాయంత్రమే చూపించాను. మొదటిసారి గీసినప్పుడు పది చుట్లకు బదులు తొమ్మిదికే కొలిచాడు. అంకె తక్కువ వచ్చేసరికి ఇద్దరికీ కాసేపు గుండె ఆగింది.

రెండో మెయిలు ఐదు వరసలు. మార్చి 19 నుంచి 22 వరకు నాలుగు రోజులు నా ఖాతాలోని సెలవు కావాలి. 24 శనివారం పొద్దున ఎనిమిదికి పనిలో ఉంటాను. టైరు రీడింగులు 19, 20, 22 తేదీల్లో ఫలానా మిత్రుడు తీస్తాడు, అతన్ని అడిగాను, నేర్పించాను. 21 బుధవారానికి ఎవరూ దొరకలేదు. నా ఫోను నంబరు ఇది.

నాలుగో వరస దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఒక్క రోజు రీడింగు పోతే ఎవరికి తెలుస్తుంది, నాలుగు రోజులూ వాడే తీస్తాడని రాసేయొచ్చు కదా అనిపించింది. అవ్వ విషయంలో ఒక అబద్ధం అప్పటికే ఖాతాలో ఉంది. అలాగే ఉంచేసి పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, ఒకే మాట: మంజూరు. బుధవారం గురించి ఏమీ లేదు.

అప్పటికి ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు రైలు లేదు. ప్రొద్దుటూరు వెళ్ళి, మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా నంద్యాల, అక్కడ ఇంకో బస్సు. ఆదివారం పొద్దున బయలుదేరితే ఊరు చేరేసరికి సాయంత్రమైంది. ఆత్మకూరు దాటాక రోడ్డు పక్కన వరస మొదలైంది. కాషాయం కండువాలు, భుజాన సంచులు, ఒక ముసలాయన చెక్క మరగాళ్ళ మీద బస్సు కిటికీకి సమానమైన ఎత్తులో నడుస్తున్నాడు.

అవ్వ అండా పక్కనే ఉంది. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "చిక్కిపోయావు. మెస్సులో తిండి పెట్టరా?" ఆమెకు జ్వరమని, ఆయాసమని రాసిన సంగతి ఆ రాత్రి చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు తొట్టి దగ్గర కూర్చున్న ఒకావిడకు, కన్నడం రాని నోటితోనే, నన్ను చూపించి ఏదో చెప్పి, తన గుండె మీద చేయి పెట్టుకుని ఆయాసం నటించింది. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నాలుగు రోజులూ వచ్చిన ప్రతి గుంపుకూ అదే నాటకం.

శనివారం ఎనిమిదికి నేను ఆఫీసులో ఉన్నాను. మేనేజరు గారు కారిడార్లో ఎదురొచ్చారు.

"అవ్వగారికి ఎలా ఉంది?"

"బాగుంది సార్." అంతటితో ఆపేసి ఉంటే సరిపోయేది. "అండాలు దించుతోంది సార్" అని నోరు జారాను. తర్వాత చింతచెట్టు, కన్నడ భక్తులు, బిసి నీరు, అన్నీ వరసగా బయటికొచ్చేశాయి.

ఆయన అంతా విన్నారు. "ఉప్పు ఎందుకు వేస్తారు?" అని అడిగారు. బొబ్బలు పగిలినచోట చీము పట్టకుండా అని అవ్వ చెబుతుంది సార్, అన్నాను. తలాడించి వెళ్ళిపోయారు.

పది గంటలకు కడ్డీ, సుద్దముక్క తీసుకుని కిల్ను దగ్గరకు వెళ్ళి నోటుపుస్తకం తెరిచాను. 19, 20 మా మిత్రుడి దస్తూరీ, అంకెలు కొంచెం వాలుగా, పక్కన పది చుట్లు అని రెండుసార్లు రాసుకున్నాడు పాపం. 22 కూడా వాడిదే. 21 బుధవారం ఖాళీగా ఉంటుందనుకున్న వరసలో మూడు టైర్లకూ మూడు అంకెలున్నాయి. మధ్య టైరుకు 11.8. పక్కన వేళ: 10.05. ఆకుపచ్చ సిరా.